నాలుగో చక్రం ఎందుకు తిరగలేదు: పోర్టు ఇన్‌స్ట్రక్షన్లు, మెమరీ అడ్రసులు

ఇందుకూరుపేట దగ్గర ఒక రొయ్యల గుంట గట్టు మీద నేను చేసిన కంట్రోల్ పెట్టె ఒకటి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చక్రాలన్నీ ఒక్కసారే స్టార్టయితే మోటార్లు లాగే కరెంటుకు ఫ్యూజులు ఎగిరిపోతాయి. అందుకని ఈ పెట్టె ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో ఎనిమిదేసి సెకన్లు ఆగి, చక్రాలను ఆన్ చేస్తుంది. ఒక తెల్లవారుజామున గుంట ఆసామి ఫోన్ చేశాడు. "ఏంది అబ్బయ్యా, పెట్టెలో నాలుగోది ఆన్ అనే చూపిస్తా ఉంది. చక్రం మాత్రం కదల్లేదు. చప్పుడు తేడాగా ఉంటే లేచి చూశా" అన్నాడు.

ఆయన చెవి ఆ రోజు గుంటను కాపాడింది. గుంట నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుందే గానీ ఎండ లేనిదే తయారు చేయలేదు. ఆ వేళకు ఒక చక్రం ఆగి ఉంటే ఆ మూల రొయ్యలు నీటి పైకి తేలతాయి.

నేను వెళ్లేసరికి ఆయన పెట్టెను ఆపి మళ్లీ పెట్టాడు, అన్నీ తిరుగుతున్నాయి. రిలే బాగుంది, కాంటాక్టర్ బాగుంది, వైర్లు బిగువుగా ఉన్నాయి. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ అదే జరిగింది, కానీ ఈసారి రెండో చక్రం. అప్పుడు నాకు అనుమానం వైర్ల మీద నుంచి నా ప్రోగ్రామ్ మీదికి మళ్లింది. చివరికి తప్పు దొరికిన చోటు, మనం కాలేజీలో రెండు నిలువు వరుసల పట్టికగా బట్టీ పట్టి పరీక్ష రాసి వదిలేసిన పాఠంలోనే ఉంది: మెమరీ మ్యాప్డ్ ఐ/ఓ, ఐ/ఓ మ్యాప్డ్ ఐ/ఓ. ఆ పాఠం చెప్పే తీరు మీద నాకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని ఈ పెట్టె కథతోనే చెబుతాను.

పాత పెట్టెలో మూడు ఏరేటర్లే. ఆర్డుయినో ఊనో బోర్డు, దాని మీద ఏటీమెగా328పి చిప్. `PORTB` కింది మూడు బిట్లు యూఎల్ఎన్2803 ద్వారా రిలేలకు, పై మూడు బిట్లు నాలుగంకెల డిస్‌ప్లేకు. డిస్‌ప్లే వెనక రెండు 74హెచ్‌సీ595 చిప్‌లు ఉన్నాయి. వాటికి డేటా, క్లాక్, లాచ్ అనే మూడు తీగల మీద ఒక్కో బిట్టూ నేనే తోయాలి. మెయిన్ లూప్ ఆ పని ఆగకుండా చేస్తూ ఉంటుంది. రిలేలు ఆన్ చేసే పని మాత్రం మిల్లీసెకనుకోసారి మెయిన్ లూప్‌ను ఆపి మధ్యలో నడిచే టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టాను. డిస్‌ప్లే పనిలో పడి చక్రాలు ఆలస్యం కాకూడదని నా ఆలోచన. ఈ పెట్టె రెండు పంటలు ఏ లోపమూ లేకుండా నడిచింది.

తర్వాత ఆయన గుంట పెంచి ఐదు ఏరేటర్లు పెట్టాడు. ఊనోలో ఇవన్నీ ఒకే పోర్టులో పట్టక మెగా బోర్డుకు మారాను. అందులో ఉండేది ఏటీమెగా2560. దాని మీద 42 నుంచి 49 దాకా ఉన్న పిన్నులన్నీ కలిపి ఒకే పోర్టు, `PORTL`. ఐదు బిట్లు రిలేలకు, మూడు డిస్‌ప్లేకు, సరిగ్గా ఎనిమిది. ప్రోగ్రామ్‌లో పోర్టు పేరు, బిట్ నంబర్లు మార్చాను. ఇంకేదీ ముట్టుకోలేదు. క్లాక్ పైకెత్తే గీత ముందు ఇలా ఉండేది:

```c
PORTB |= (1 << 4);
```

మార్చాక ఇలా అయింది:

```c
PORTL |= (1 << 6);
```

సీ భాషలో చూస్తే రెండూ ఒకటే. చిప్ లోపల మాత్రం ఒకటి కాదు. అదెందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ల్యాబులో 8085 కిట్ మీద అంకెలు కొట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. `OUT` అంటే `D3`, `IN` అంటే `DB`, వాటి వెనక ఒక బైటు పోర్టు నంబరు. అంటే 256 పోర్టులు. 8085కు మెమరీ ఒక ప్రపంచం, పోర్టులు ఇంకొక ప్రపంచం. `OUT` నడిచినప్పుడు చిప్ ఒక ప్రత్యేకమైన కాలును పైకెత్తి, "ఇప్పుడు నేను పంపే అడ్రసు మెమరీది కాదు, పరికరానిది" అని బయటికి చెబుతుంది. ఇంటెల్ పీసీ ప్రాసెసర్ల వంశమంతా ఇదే దారిలో నడిచింది. మన పీసీలో మొదటి సీరియల్ పోర్టు 0x3F8 దగ్గర ఉండేది ఈ రెండో ప్రపంచంలోనే. ఎక్స్86లో ఆ పోర్టు నంబర్లు 65,535 దాకా పోతాయి.

ఇంకో వంశం ఉంది. 1970లో వచ్చిన పీడీపీ-11లో `IN`, `OUT` లాంటి ఇన్‌స్ట్రక్షన్లే లేవు. అడ్రసుల వరుసలో అన్నిటికంటే పైనున్న కొంత భాగాన్ని పరికరాలకు వదిలేశారు. కన్సోల్ టెలిటైప్‌కు అక్షరం పంపాలంటే ఆక్టల్ 177566 అనే అడ్రసులో ఆ అక్షరాన్ని రాస్తే చాలు, మామూలు `MOV` సరిపోతుంది. సీ భాష రూపు దిద్దుకున్నది ఈ యంత్రం మీదే. అందుకే సీ భాషలో పోర్టు అనే మాటే లేదు. అడ్రసు, దాన్ని చూపే పాయింటర్, దానిలోకి రాసే `=` గుర్తు, అంతే. పాయింటర్‌తో 177566ను చేరొచ్చు. 8085 పోర్టు 3ను చేరడానికి ప్రామాణికమైన సీ భాషలో దారి లేదు. లైనక్స్‌లో `outb` అని రాస్తాం గానీ దాని లోపల ఉన్నది అసెంబ్లీయే.

పట్టికలో మనకు చెప్పేది ఇందులో పావు వంతు. మెమరీ మ్యాప్డ్ అయితే అడ్రసులు తగ్గుతాయి, ఏ ఇన్‌స్ట్రక్షన్ అయినా వాడొచ్చు. ఐ/ఓ మ్యాప్డ్ అయితే 256 పోర్టులే, `IN`, `OUT` మాత్రమే. ఇవన్నీ నిజాలే. 64 కిలోబైట్ల 8085లో అడ్రసులు తగ్గడం పెద్ద విషయం కూడా. కానీ ఈ రోజు ఒక పెట్టె చేసేవాడికి కావాల్సిన ప్రశ్న ఆ పట్టికలో లేదు. పరికరం రిజిస్టర్‌లో ఒక బిట్ మార్చమని నేను ఒక్క గీత రాస్తే, ప్రాసెసర్ ఆ పనిని ఎన్ని అడుగుల్లో చేస్తుంది? ఆ అడుగుల మధ్య ఇంకెవరైనా దూరగలరా? నాలుగో చక్రం ఆగింది ఈ ప్రశ్న దగ్గరే.

ఊనో, మెగా రెండింటి మీదా ఉండే ఏవీఆర్ చిప్‌లో రెండు వంశాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందుకే ఈ తేడా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చిప్ నాకు తెలియదు. దానికి `in`, `out` ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, వాటికి 0 నుంచి 0x3F దాకా 64 పోర్టు అడ్రసులు ఉన్నాయి. అవే 64 రిజిస్టర్లు డేటా మెమరీలో 0x20 నుంచి 0x5F దాకా ఇంకోసారి కనిపిస్తాయి. కాబట్టి `PORTB`కు రెండు చిరునామాలు: పోర్టుగా 0x05, మెమరీగా 0x25. ఏవీఆర్-లిబ్‌సీ హెడర్ ఫైళ్లలో ఆ పేరు వెనక మాక్రోలన్నీ విప్పుకుంటూ పోతే చివరికి తేలేది ఇది:

```c
#define PORTB (*(volatile uint8_t *)(0x05 + 0x20))
```

0x25 అనే అంకెను ఒక బైటుకు పాయింటర్‌గా మార్చి, ముందు నక్షత్రం పెట్టి ఆ బైటునే పట్టుకోవడం. సీ భాషకు తెలిసింది ఇంతే, ఇదొక మెమరీ అడ్రసు. కంపైలర్‌కు ఇంకొంచెం ఎక్కువ తెలుసు. ఆ అడ్రసు స్థిరమైన అంకె అయి, పోర్టు ప్రపంచంలో మొదటి 32లో పడితే, మార్చేది కూడా స్థిరమైన ఒక్క బిట్టే అయితే, `-Os` లాంటి ఆప్టిమైజేషన్ పెట్టినప్పుడు మూడు పనులను కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్ వేస్తుంది:

```
sbi  0x05, 4
```

ఒక్క బిట్‌ను ఎత్తే ఇన్‌స్ట్రక్షన్ ఇది. ఇంటరప్ట్ ఏదైనా రెండు ఇన్‌స్ట్రక్షన్ల నడుమే వస్తుంది గానీ ఒకదాని కడుపులోకి రాదు. కాబట్టి ఊనోలో నా గీత ఎవరూ విడగొట్టలేని పని. దాన్ని నేను తెలిసి సాధించలేదు, ఆ చిప్ ఇచ్చింది.

`PORTL` సంగతి వేరు. మెగాలో కాళ్లు ఎక్కువ, 64 పోర్టు అడ్రసులు చాలలేదు. ఏ నుంచి జీ దాకా ఉన్న పోర్టులకు మొదటి 32లో చోటు దొరికింది. హెచ్, జే, కే, ఎల్ పోర్టులను మెమరీ వైపు మాత్రమే పెట్టారు. `PORTL` ఉన్నది 0x10B దగ్గర. దానికి పోర్టు చిరునామా లేదు, `sbi` దాన్ని చేరలేదు. కంపైలయిన ప్రోగ్రామ్‌ను ఇన్‌స్ట్రక్షన్లుగా విప్పి చూపే `avr-objdump -d` తో చూస్తే నా గీత ఇలా తేలింది:

```
lds  r24, 0x010B
ori  r24, 0x40
sts  0x010B, r24
```

చదువు, మార్చు, తిరిగి రాయి. 16 మెగాహెర్ట్జ్ మీద చదవడం మొదలైన దగ్గర నుంచి రాయడం మొదలయ్యేదాకా మూడు సైకిళ్లు, అంటే మైక్రోసెకనులో ఐదో వంతు కూడా కాదు. ఆ సందులో టైమర్ ఇంటరప్ట్ వస్తే ఏమవుతుందో అంకెలతో చూడండి.

మొదటి మూడు చక్రాలు తిరుగుతున్నాయి, `PORTL`లో 0x07 ఉంది. మెయిన్ లూప్ డిస్‌ప్లే క్లాక్ ఎత్తడానికి వచ్చి `lds` నడిపింది. r24లో ఇప్పుడు 0x07. ఆ క్షణాన ఇంటరప్ట్ వచ్చింది, ఎనిమిది సెకన్లు నిండాయి, నాలుగో చక్రం వంతు. ఇంటరప్ట్ తన పని సరిగ్గానే చేసింది. `PORTL`ను 0x0F చేసింది, నాలుగోది ఆన్ అని తన లెక్కలో రాసుకుంది, వెళ్లేముందు r24ను ఎలా ఉందో అలాగే, 0x07గా, తిరిగి పెట్టింది. మెయిన్ లూప్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సాగింది. 0x07కు 0x40 కలిపి 0x47 చేసి రాసేసింది. నాలుగో బిట్ పోయింది. కొన్ని మైక్రోసెకన్ల పాటు మాత్రమే అది ఎత్తి ఉంది, ఆ లోపల రిలే టిక్కుమని కూడా అనదు. ఇంటరప్ట్ తన పుస్తకంలో ఆన్ అని రాసుకుంది కాబట్టి మళ్లీ ప్రయత్నించదు. డిస్‌ప్లే చూపించేది ఆ పుస్తకాన్ని. అందుకే ఆసామికి ఆన్ అని కనిపించింది.

దీన్ని పట్టుకున్నది ఊహతో కాదు. ప్రోగ్రామ్ తన లెక్కలో ఉంచుకున్న విలువను ప్రింట్ చేస్తే ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. దానితోపాటు `PORTL`ను కూడా చదివి, కింది ఐదు బిట్లను పోల్చి, ఒక సెకను పాటు తేడా అలాగే ఉంటే సీరియల్ లాగ్‌లో ఒక వరుస రాసేలా పెట్టాను. ఒక సెకను ఆగడం అవసరం. రెండింటినీ చదివే నడుమ కూడా ఇంటరప్ట్ రాగలదు, అప్పుడు లేని తేడా కనిపిస్తుంది. ఐదో రాత్రి లాగ్‌లో ఈ వరుస పడింది:

```
want=1F port=17
```

0x1F నుంచి 0x08 పోయింది. ఐదు చక్రాల్లో నాలుగోది.

ఐదు రాత్రులకు ఒకసారే ఎందుకో కూడా లెక్క వేశాను. డిస్‌ప్లేకు పదహారు బిట్లు తోయడానికి సుమారు 25 మైక్రోసెకన్లు, లూప్ ఒక చుట్టుకు సుమారు ఒక మిల్లీసెకను. ఆ 25లో ఇంచుమించు నలభై శాతం ఈ సందుల్లోనే గడుస్తుంది. అంటే వంద స్టార్టుల్లో ఒకటి పోతుంది. రాత్రికి నాలుగుసార్లు కరెంటు పోయి వస్తే ఐదు చక్రాలకు ఇరవై స్టార్టులు. బల్ల మీద పెట్టి ఒక పూట పరీక్షించి బాగుందని పంపిన పెట్టె గట్టు మీద చెడేది ఇందుకే.

ఇదంతా నెల్లూరులో మైక్రోకంట్రోలర్లు పాఠం చెప్పే ఒక మిత్రుడికి చూపించాను. మొదటి మాట, "అన్నా, volatile ఉంది కదా!" చాలామంది నమ్మకం ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. `volatile` కంపైలర్‌కు ఇచ్చే ఆజ్ఞ. నేను చదవమన్నచోట నిజంగా చదువు, రాయమన్నచోట నిజంగా రాయి, పాత విలువను దాచుకుని వాడకు, అనవసరమని తీసెయ్యకు. ఇది లేకపోతే మెమరీ మ్యాప్డ్ రిజిస్టర్లు సీ భాషలో పనికే రావు. సీరియల్ పోర్టు ఖాళీ అయ్యేదాకా ఆగే ఈ గీత చూడండి:

```c
while (!(UCSR0A & (1 << UDRE0)))
    ;
```

కంపైలర్ కంటికి ఈ లూప్‌లో ఆ బైటును మార్చేవాళ్లెవరూ లేరు. `volatile` తీసేస్తే ఒకసారి చదివి, ఆ విలువ మీదే ఎప్పటికీ తిరుగుతూ ఉండొచ్చు. 8085లో ఈ బెడద లేదు. `IN` అని రాస్తే అది పరికరం నుంచి చదవడమే, దాన్ని ఎవరూ తీసెయ్యరు. పోర్టు ఇన్‌స్ట్రక్షన్ తన పేరులోనే చెప్పుకున్న విషయాన్ని, మెమరీ మ్యాప్‌కు వచ్చాక ఒక విశేషణం మోస్తోంది. కానీ ఆ విశేషణం చదవడం జరుగుతుందని, రాయడం జరుగుతుందని మాత్రమే హామీ ఇస్తుంది. ఆ రెంటి నడుమ ఎవరూ రారని చెప్పదు. నా `lds`, `sts` రెండూ `volatile` మాట ప్రకారమే నడిచాయి. చక్రం అయినా ఆగింది.

మిత్రుడి రెండో మాట గట్టిది. "అలాంటప్పుడు ఆ గీత చుట్టూ `ATOMIC_BLOCK` పెట్టేస్తే పోతుంది కదన్నా, ఇంటరప్ట్‌లు నాలుగు సైకిళ్లు ఆగితే ఏమవుతుంది?" నిజమే, ఖర్చు దాదాపు లేదు. పనిచేస్తుంది కూడా. నా అభ్యంతరం ఖర్చు గురించి కాదు. నా ప్రోగ్రామ్‌లో `PORTL`ను ముట్టుకునే గీతలు పదమూడు. పన్నెండింటికి కాపలా పెట్టి ఒకటి మరిచిపోతే తప్పు మళ్లీ అక్కడే ఉంటుంది, ఇంకా అరుదుగా, ఇంకా దొరక్కుండా. వచ్చే ఏడాది ఇంకొకరు పద్నాలుగో గీత రాస్తారు, వాళ్లకు ఈ కథ తెలియదు.

నేను నమ్మేది ఇది: బిట్ మార్చడానికి చదవాల్సిన అవసరమే లేకుండా చేయాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. అదే 8085 కిట్ మీద 8255 చిప్ ఉంటుంది, దానికి బీఎస్ఆర్ మోడ్ అని ఒకటుంది. పోర్టు సీలో మూడో బిట్ ఎత్తాలంటే కంట్రోల్ రిజిస్టర్‌కు 07, దించాలంటే 06 పంపాలి. మిగతా బిట్లు ఏమున్నాయో చదవనక్కర్లేదు. మనం దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివాం, అదెందుకు ఉందో ఎవరూ చెప్పలేదు. ఎస్‌టీఎం32ఎఫ్103లో పోర్టులన్నీ మెమరీ మ్యాప్డే, `sbi` లాంటి ఇన్‌స్ట్రక్షన్ వెతికినా దొరకదు. కానీ ప్రతి పోర్టుకూ `BSRR` అని ఒక అడ్రసు ఇచ్చారు. `GPIOC`కు అది 0x40011010. కింది పదహారు బిట్లలో ఒకదానికి 1 రాస్తే ఆ కాలు పైకి, పై పదహారులో రాస్తే కిందికి, సున్నాలు రాసినచోట మార్పు లేదు:

```c
GPIOC->BSRR = 1 << 13;
```

ఇక్కడ `|=` లేదు, `=` ఉంది. రిజిస్టర్ మీద జరిగేది ఒక్క రాత, చదవడం లేదు, సందు లేదు. మెమరీ మ్యాప్ అసలు బలం నాకు ఇక్కడ కనిపిస్తుంది. అడ్రసులు కావలసినన్ని ఉన్నప్పుడు ఒక పోర్టుకు ఎత్తడానికొక అడ్రసు, దించడానికొక అడ్రసు ఇవ్వొచ్చు. అడ్రసే ఆజ్ఞ అవుతుంది.

మెగాలో కూడా ఇలాంటిది సగం ఉంది. `PINL`లో ఒక బిట్‌కు 1 రాస్తే `PORTL`లో ఆ బిట్ తిరగబడుతుంది. `PINL = (1 << 6);` అంటే క్లాక్ ఒక్కటే మారుతుంది. అయితే అలవాటు కొద్దీ `PINL |= (1 << 6);` అని రాస్తే చూడండి. మెగాలో అది మళ్లీ `lds`, `ori`, `sts`. తిరుగుతున్న మూడు చక్రాల బిట్లు 0x07గా చదివి, 0x47 రాస్తుంది. క్లాక్‌తో పాటు మూడు రిలేలూ తిరగబడి ఆగిపోతాయి. ఊనోలో అదే గీత `PINB` మీద రాస్తే `sbi` అయి సవ్యంగా నడుస్తుంది. కాబట్టి పరికరం రిజిస్టర్‌ను "మామూలు వేరియబుల్ లాగే వాడుకోవచ్చు" అని పిల్లలకు చెప్పడం తప్పు అంటాను. వేరియబుల్‌లో రాసింది చదివితే రాసిందే వస్తుంది. `PINL`లో రాసింది ఒకటి, చదివేది ఇంకొకటి, రెండూ ఒకే అడ్రసు.

ఊనోకు తిరిగి వెళ్లినా పూర్తి రక్షణ లేదని కూడా చెప్పాలి. `PORTB |= (1 << n);` అని బిట్ నంబరును వేరియబుల్‌గా పెడితే `sbi` రాదు, ఎందుకంటే ఆ ఇన్‌స్ట్రక్షన్‌లో బిట్ నంబరు ముందే అచ్చయి ఉండాలి. `in`, `or`, `out` అని మూడు అడుగులు పడతాయి. నా పాత పెట్టెలో అలాంటి గీత ఒకటి ఉంది, కాకపోతే ఇంటరప్ట్ లోపల. అక్కడ ఇంకో ఇంటరప్ట్ దూరదు కాబట్టి బతికిపోయింది. ఆప్టిమైజేషన్ తీసేసి `-O0` తో కంపైల్ చేసినా `sbi` పోతుంది. పోర్టు ప్రపంచంలో ఉండటం ఒక్కటే కాపాడదు, ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో ముగియడం కాపాడుతుంది.

గుంట మీది పెట్టెలో చివరికి చేసిన మార్పు చిన్నది. డిస్‌ప్లే మూడు తీగలను `PORTL` నుంచి పీకి 22, 23, 24 పిన్నులకు, అంటే `PORTA`కు మార్చాను. అది మొదటి 32లో ఉంది. కానీ నేను నమ్ముకున్నది `sbi`ని కాదు, యాజమాన్యాన్ని. `PORTL` ఇప్పుడు ఇంటరప్ట్‌ది ఒక్కదానిదే. మెయిన్ లూప్ దాన్ని చదవొచ్చు గానీ రాయకూడదు. ఇంటరప్ట్ కూడా `|=` వాడదు. తన లెక్కలోని విలువనే ప్రతి మిల్లీసెకనుకూ మొత్తంగా `PORTL = want;` అని రాస్తుంది, ఎక్కడైనా బిట్ జారినా మరుసటి మిల్లీసెకనుకు సర్దుకుంటుంది.

ఇక ప్రతిసారి కంపైల్ చేశాక ఒక పని చేస్తున్నాను. `avr-objdump -d` ఇచ్చిన దానిలో `sts 0x010B` ఎక్కడెక్కడ ఉందో వెతుకుతాను. రెండే చోట్ల కనిపించాలి: ఇంటరప్ట్‌లు తెరవకముందు `main` మొదట్లో సున్నా రాసే చోట ఒకటి, నా టైమర్ ఇంటరప్ట్‌కు కంపైలర్ పెట్టిన పేరైన `__vector_17` లోపల ఒకటి. మూడోది కనిపిస్తే పెట్టె గట్టు మీదికి వెళ్లదు.